ఒక్క పేజీ, 52 వరుసలు: ఫ్రెషర్ రెజ్యూమె కట్టే పద్ధతి

ఇంజనీరింగ్ పూర్తి చేసిన ఒక అమ్మాయి రెజ్యూమె తీసుకుని మొదలుపెడదాం. అమ్మాయి ఊహించిన మనిషే, కానీ ఆ రెజ్యూమె మాత్రం మన కాలేజీల్లో ఏ బెంచీ మీద వెతికినా దొరుకుతుంది. వరంగల్ జిల్లాలో జేఎన్‌టీయూ హైదరాబాద్‌కు అనుబంధంగా ఉన్న కాలేజీ, ఈసీఈ బ్రాంచి. 2021లో చేరింది, 2025లో బయటికొచ్చింది. సీజీపీఏ 7.6. సీనియర్ ఇచ్చిన వర్డ్ ఫైలులో పేరు, నంబరు మార్చుకుని తన రెజ్యూమె తయారుచేసుకుంది. రెండు పేజీలు వచ్చింది. రెండో పేజీలో సగానికి పైగా ఖాళీ.

అందులో ఏముందో చూద్దాం. పైన నడిమధ్య పెద్ద అక్షరాల్లో ‘రెజ్యూమె’ అన్న మాట. దాని కింద ‘కెరీర్ ఆబ్జెక్టివ్’ పేరుతో మూడు వరుసలు: సవాళ్లున్న వాతావరణంలో పనిచేసి, సంస్థ ఎదుగుదలకు తోడ్పడుతూ తానూ ఎదగాలన్న కోరిక. తర్వాత గళ్ల పట్టికలో చదువు. ఆపైన ‘బలాలు’: కష్టపడే తత్వం, త్వరగా నేర్చుకునే గుణం. ప్రాజెక్టుకు ఒకటిన్నర వరుస. హాబీలు. పర్సనల్ ప్రొఫైల్‌లో తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లయిందా లేదా, జాతీయత, శాశ్వత చిరునామా. చివర, పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తూ డిక్లరేషన్, ఊరు, తేదీ, సంతకం.

చివరి సంవత్సరమంతా కూర్చుని చేసిన ప్రాజెక్టుకు ఒకటిన్నర వరుస దక్కితే, డిక్లరేషన్‌కు మూడు వరుసలు దక్కాయి. ఈ రెజ్యూమెలో ఉన్న లోపమంతా ఈ ఒక్క లెక్కలో కనిపిస్తుంది. పేజీ చాలక రెండోదానికి పోలేదు. స్థలం పనికిరాని చోట ఖర్చయింది. అందుకే దీన్ని సరిచేయడానికి కొత్త టెంప్లేటు వెతకనక్కర్లేదు. ముందు, ఒక పేజీలో మన చేతిలో ఎంత స్థలం ఉందో కొలుచుకోవాలి.

పేజీలో ఎన్ని వరుసలు పడతాయి?

ఏ4 కాగితం ఎత్తు 29.7 సెంటీమీటర్లు, వెడల్పు 21. నాలుగు వైపులా 2 సెంటీమీటర్ల చొప్పున మార్జిన్ వదిలితే రాసుకోవడానికి మిగిలే ఎత్తు 25.7 సెంటీమీటర్లు, వెడల్పు 17. అక్షరాల సైజును, వరుసల మధ్య ఎడాన్ని కొలిచేది పాయింట్లలో. అంగుళానికి 72 పాయింట్లు. ఆ లెక్కన 25.7 సెంటీమీటర్లంటే దాదాపు 728 పాయింట్లు.

అక్షరం సైజు 11 పాయింట్లు పెట్టుకుని, ఒక్కో వరుసకు 14 పాయింట్ల ఎత్తు కేటాయిస్తే 728ని 14తో భాగించాలి. 52 వస్తుంది. కంటికి ఇబ్బంది లేకుండా చదవగలిగే పేజీలో మీకున్నది 52 వరుసలు. వర్డ్‌లో పేరాగ్రాఫ్ సెట్టింగుల్లోకి వెళ్లి `Line spacing` దగ్గర `Exactly` ఎంచుకుని `14 pt` అని కొడితే ఈ లెక్క తు.చ. తప్పకుండా నిలుస్తుంది. అక్కడే `Before`, `After` అని రెండు గళ్లుంటాయి. మామూలు వరుసలకు ఆ రెండూ సున్నా చేయాలి. వర్డ్ తనంతట తానే ప్రతి పేరా తర్వాత కొంత ఎడం చేరుస్తుంది. చాలామంది రెజ్యూమెలు వాళ్లకు తెలియకుండానే రెండో పేజీకి జారడానికి అదొక కారణం.

ఇక సెక్షన్ శీర్షికల సంగతి. చదువు, ప్రాజెక్టులు, నైపుణ్యాలు అనే ఒక్కో శీర్షికకు పైన 10 పాయింట్లు, కింద 4 పాయింట్లు ఎడం ఇవ్వండి. రెండూ కలిపితే 14, అంటే సరిగ్గా ఒక వరుస. కనుక శీర్షిక పెట్టిన ప్రతిసారీ రెండు వరుసలు ఖర్చయినట్టు: ఒకటి శీర్షికకు, ఒకటి దాని చుట్టూ ఖాళీకి. పైన ఎక్కువ, కింద తక్కువ ఎందుకంటే, ఎడం తక్కువున్న వైపు వరుసలను కన్ను కలిపి చూస్తుంది. శీర్షిక తన కిందున్న విషయానికి దగ్గరగా, పైనున్న విషయానికి దూరంగా ఉండాలి. రెండువైపులా సమానంగా ఉంటే శీర్షిక గాల్లో వేలాడుతున్నట్టుంటుంది. పేజీ శుభ్రంగా కనిపించడంలో నాకు తెలిసినంతలో ఇంతకు మించిన కీలకం మరొకటి లేదు. రంగులూ గీతలూ దీని తర్వాతే.

ఇప్పుడు మన అమ్మాయి 52 వరుసలను ఎలా ఖర్చు పెట్టుకోవచ్చో చూద్దాం. పేరు పెద్ద అక్షరాల్లో, రెండు వరుసల ఎత్తు. ఫోన్ నంబరు, ఈమెయిలు, ఊరు, లింక్డిన్, గిట్‌హబ్ చిరునామాలు కలిపి రెండు వరుసలు. అంటే తలభాగానికి నాలుగు. చదువుకు శీర్షికతో కలిపి ఆరు. నైపుణ్యాలకు ఆరు. ప్రాజెక్టులకు పదమూడు. ఇంటర్న్‌షిప్‌కు ఏడు. సర్టిఫికెట్లకు ఐదు, ఇతర విషయాలకు ఐదు. మొత్తం 46. ఇంకా ఆరు వరుసలు మిగిలాయి. వాటిని నింపి తీరాలని లేదు. పేజీ అడుగున కాస్త ఖాళీ ఉంటే తప్పేమీ కాదు.

డిక్లరేషన్, తండ్రి పేరు, శాశ్వత చిరునామా, పెళ్లి వివరం ఈ లెక్కలోకి రాలేదని గమనించండి. అవి ప్రభుత్వ దరఖాస్తు ఫారాల్లో అడుగుతారు. అక్కడ నింపడం తప్పనిసరి. ప్రైవేటు ఉద్యోగానికి పంపే రెజ్యూమెలో వాటితో పనిలేదు. ఉద్యోగం ఇచ్చాక అవసరమైతే వాళ్ల ఫారంలో వాళ్లే అడుగుతారు. ఇంటి నంబరూ వీధీ తెలియని వాళ్లందరి చేతుల్లోకీ పోకుండా ఉండటం, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, అదనపు మేలు. ఊరి పేరు ఒక్కటి చాలు.

ముందేది, తర్వాతేది

క్యాంపస్ డ్రైవ్‌లో రెజ్యూమెల కట్ట ముందేసుకున్న మనిషి మనసులో ప్రశ్నలు ఒక వరుసలో వస్తాయి. ఎవరీ అభ్యర్థి? మా అర్హతకు సరిపోతుందా? మాకు కావలసిన పనిముట్లు తెలుసా? తెలుసని నమ్మడానికి ఏం చేసింది? సెక్షన్ల వరుస ఈ ప్రశ్నల వరుసనే అనుసరించాలి. జవాబు కోసం కన్ను కిందికీ పైకీ తిరగాల్సి వస్తే ఆ రెజ్యూమె పక్కకు పోతుంది.

అందుకే ఫ్రెషర్‌కు పేరు తర్వాత చదువు. పదేళ్లు పనిచేసినవాళ్లు చదువును చివరికి నెట్టేస్తారు. వాళ్లకు అది పాతబడిన విషయం కాబట్టి. ఫ్రెషర్‌కు మాత్రం అదే తాజా విషయం. పైగా మన దగ్గర చాలా కంపెనీలు పదో తరగతి, ఇంటర్, బీటెక్ మూడింటిలోనూ 60 శాతం ఉండాలన్న తరహా అర్హతలు పెడతాయి. మూడూ వరుసగా, పైనే కనిపిస్తే మొదటి వడపోత అక్కడితో తేలిపోతుంది.

ఇందుకు గళ్ల పట్టిక అక్కర్లేదు. కొత్తది పైన, పాతది కింద. బీటెక్‌కు రెండు వరుసలు: మొదటి వరుసలో కాలేజీ పేరు, కుడి చివర 2021–2025, రెండో వరుసలో బీటెక్ ఈసీఈ, సీజీపీఏ 7.6/10. ఇంటర్ ఎంపీసీకి ఒక వరుస, 2021, 92.1 శాతం. పదో తరగతికి ఒక వరుస, 2019, జీపీఏ 9.2/10. శీర్షికకు పోయే రెండూ కలిపితే ఆరు వరుసలయ్యాయి.

ఇక్కడే ఒక తప్పు తరచూ దొర్లుతుంది. సీజీపీఏను పదితో గుణించి శాతంగా రాసేస్తారు, 7.6 అంటే 76 శాతమని. ఈ అమ్మాయి చదివిన జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 నిబంధనల ప్రకారం సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో గుణించాలి. అంటే ఆమెది 71 శాతం. ఒక్కో యూనివర్సిటీకీ, ఒకే యూనివర్సిటీలో ఒక్కో రెగ్యులేషన్‌కూ ఈ సూత్రం మారవచ్చు. మీ నిబంధనల పుస్తకంలో అచ్చయిన సూత్రమే వాడండి. ఆఫర్ వచ్చాక సర్టిఫికెట్లు పరిశీలించేటప్పుడు రెజ్యూమెలో 76, యూనివర్సిటీ లెక్కలో 71 కనిపిస్తే, ఆ ఐదు శాతం తెలియక జరిగిన పొరపాటని ఎవరికి నచ్చజెప్పాలి? శాతం అడగని చోట సీజీపీఏనే, ఎన్నిటికో చూపుతూ రాయడం మేలు.

చదువు తర్వాత నైపుణ్యాలు. ప్రాజెక్టులే ముందు ఉండాలనేవాళ్లున్నారు, వాళ్ల వాదనలోనూ బలముంది. నేను మాత్రం నైపుణ్యాలను పైనే ఉంచమంటాను. అది నాలుగు వరుసల చిన్న సెక్షన్. ప్రకటనలో అడిగిన పేర్లు ఉన్నాయో లేదో చదివేవాళ్లు అక్కడే చూసుకుంటారు. తర్వాత ప్రాజెక్టుల్లోకి వెళ్తే రుజువు దొరుకుతుంది. ఈ వరుస సరిగ్గా పనిచేయాలంటే ఒక నియమం పాటించాలి: నైపుణ్యాల్లో రాసిన ప్రతి పేరూ కింద ప్రాజెక్టులోనో, ఇంటర్న్‌షిప్‌లోనో, సర్టిఫికెట్‌లోనో మరోసారి కనిపించాలి. కనిపించకపోతే దాన్ని పైనుంచి తీసేయాలి.

మన అమ్మాయి పాత రెజ్యూమెలో సి, సి++, జావా, పైథాన్, హెచ్‌టీఎంఎల్, ఎస్‌క్యూఎల్, మ్యాట్‌ల్యాబ్, ఎంఎస్ ఆఫీస్ అన్నీ కామాలతో ఒకే వరుసలో ఉన్నాయి. నియమం పెట్టి చూస్తే జావా, హెచ్‌టీఎంఎల్, ఎస్‌క్యూఎల్‌కు కింద ఆధారం లేదు. అవి పోయాయి. మిగిలినవాటిని రకాలవారీగా విడదీస్తే నాలుగు వరుసలయ్యాయి. భాషలు: సి, పైథాన్ ప్రాథమిక స్థాయి. బోర్డులు: ఈఎస్‌పీ32, ఆర్డుయినో. సాఫ్ట్‌వేర్: మ్యాట్‌ల్యాబ్, ప్రోటియస్, కైక్యాడ్. ల్యాబ్ పరికరాలు: ఆసిలోస్కోప్, మల్టీమీటర్. జాబితా చిన్నదైంది, కానీ ఎంబెడెడ్ పని తెలిసిన మనిషి అని మొదటిసారి అర్థమవుతోంది. పైథాన్ పక్కన ‘ప్రాథమిక స్థాయి’ అని రాసుకోవడం బలహీనత కాదు. ఇంటర్వ్యూలో ప్రశ్న ఏ లోతు నుంచి మొదలవ్వాలో అది నిర్ణయిస్తుంది. నైపుణ్యాల పక్కన ఐదుకు నాలుగు నక్షత్రాలు, 80 శాతం నిండిన పట్టీలు మాత్రం వద్దు. 80 శాతం సి అంటే ఏమిటో ఎవరూ చెప్పలేరు.

ప్రాజెక్టుకు పదమూడు వరుసలు

ఫ్రెషర్ రెజ్యూమెలో అత్యధిక స్థలం ఇక్కడే పోవాలి. మార్కులు తరగతిలో చాలామందికి దగ్గరదగ్గరగా ఉంటాయి. చేసిన పని గురించి మాత్రం ఎవరికి వారే చెప్పుకోవాలి. పాత రెజ్యూమెలో ఈ అమ్మాయి రాసింది ఇంతే: ‘ఐఓటీ ఆధారిత స్మార్ట్ ఇరిగేషన్ సిస్టం. నేలలో తేమను బట్టి మోటారు ఆన్, ఆఫ్ అవుతుంది. రైతులకు ఎంతో ఉపయోగకరం.’ ఇందులో పరికరం ఉంది, రైతులు ఉన్నారు, అమ్మాయి లేదు.

ఇంకో చిక్కు. ఆ ప్రాజెక్టు చేసింది నలుగురు. నలుగురూ ఒకే డ్రైవ్‌కు వెళ్తారు. నలుగురి రెజ్యూమెల్లోనూ అవే మాటలుంటే, చదివేవాళ్లకు ఎవరేం చేశారో తెలియదు. అసలు చేశారో లేదో కూడా తెలియదు.

కాబట్టి మొదట అడగాల్సింది, ‘నీ వంతు పని ఏది?’ అని. ఆమె జవాబు ఇలా ఉంటుందనుకుందాం: ప్రోగ్రామంతా తనే రాసింది. సెన్సర్‌ను పొడి మట్టిలో, తడి మట్టిలో పెట్టి రీడింగులు సరిచూసింది. తర్వాత అడగాల్సింది, ‘ఎక్కడ ఇబ్బంది పడ్డావు, ఎలా బయటపడ్డావు?’ అని. తేమ 30 శాతం కంటే తగ్గితే పంపు ఆన్ కావాలి, దాటితే ఆఫ్ కావాలని మొదట రాసింది. రీడింగు 29, 31 మధ్య ఊగుతుంటే రిలే నిమిషానికోసారి టకటకా కొట్టుకునేది. అప్పుడు 30 దగ్గర ఆన్, 45 దగ్గర ఆఫ్ అయ్యేలా రెండు హద్దులు పెట్టింది. చప్పుడు ఆగిపోయింది. ‘ఎక్కడ పరీక్షించావు?’ ఊళ్లో వాళ్ల మిరప చేనులో, మూడు వారాలు. ఫోన్ సిగ్నల్ పోయినప్పుడు మెసేజ్‌లు రావడం లేదని అక్కడే బయటపడింది.

ఇదంతా రెజ్యూమెలో ఇంగ్లిష్‌లో రాయాల్సిందే. భావం మాత్రం ఇలా ఉండాలి. మొదట శీర్షిక వరుస: నేల తేమను బట్టి పంపును నడిపే పరికరం, ఈఎస్‌పీ32, కెపాసిటివ్ సెన్సర్, జీఎస్ఎం మాడ్యూల్, కుడి చివర కాలం. దాని కింద మూడు పాయింట్లు. ఒకటి: నలుగురి జట్టులో సి ప్రోగ్రామ్ మొత్తం రాశాను, సెన్సర్ క్యాలిబ్రేషన్ చేశాను. రెండు: 30 శాతం దగ్గర ఆన్, 45 దగ్గర ఆఫ్ అయ్యేలా రెండు హద్దులు పెట్టి రిలే మాటిమాటికీ మారడాన్ని ఆపాను. మూడు: మిరప చేనులో మూడు వారాలు పరీక్షించాం, సిగ్నల్ లేనప్పుడు మెసేజ్‌ను దాచి, వచ్చాక పంపేలా మార్చాను.

శీర్షికతో కలిపి ఆరు వరుసలు. రెండో ప్రాజెక్టు చిన్నది, దానికి నాలుగు. రెండింటి మధ్య ఒక వరుస ఎడం, సెక్షన్ శీర్షికకు రెండు. పదమూడు.

‘రైతులకు ఎంతో ఉపయోగకరం’ అన్న మాట పోయింది, ఇప్పుడు దాని అవసరం లేదు. ‘40 శాతం నీరు ఆదా చేసింది’ అని చేరిస్తే బాగుంటుందని స్నేహితులెవరైనా సలహా ఇస్తారు. చేనులో నీటి మీటరు పెట్టి కొలిచి ఉంటేనే ఆ అంకె రాయాలి. ఎలా కొలిచావని ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న పడితే, పక్కనున్న నిజాలన్నీ అనుమానంలో పడతాయి. మూడు వారాలు, రెండు హద్దులు, నలుగురు మనుషులు — ఇవీ అంకెలే, ఇవి ఎవరడిగినా నిలుస్తాయి.

ఇంటర్న్‌షిప్ ఈ అమ్మాయి విషయంలో ప్రాజెక్టుల కింద వచ్చింది. అది ఒక టెలికాం శిక్షణ కేంద్రంలో నాలుగు వారాలు చూసి నేర్చుకున్నది, చేతులతో చేసింది తక్కువ కాబట్టి. అదే ఆరు నెలలు ఒక కంపెనీలో కూర్చుని నిజమైన పని చేసి ఉంటే, ప్రాజెక్టుల పైకి, అవసరమైతే చదువు పైకి కూడా వెళ్లేది. పేర్లను బట్టి కాక బలాన్ని బట్టి సెక్షన్లు జరపాలి. బీకాం చదివిన కుర్రాడు ఆడిటర్ ఆఫీసులో ఆరు నెలలు జీఎస్టీ రిటర్నుల పని చేసి ఉంటే, అతని పేజీలో పేరు తర్వాత కనబడాల్సింది ఆ ఆఫీసే. కాలేజీలో టాలీ నేర్చుకున్న సంగతి తర్వాత.

సర్టిఫికెట్లలో పరీక్ష రాసి తెచ్చుకున్నవి మాత్రమే ఉంచండి. ఎన్‌పీటెల్ కోర్సు చేసి, పరీక్షా కేంద్రానికి వెళ్లి రాసి పాసైతే, కోర్సు పేరు, వారాలు, మార్కులు రాయండి. ఒక్కరోజు వెబినార్‌లో కూర్చున్నందుకు వచ్చిన పాల్గొన్న పత్రాలు నాలుగు పెడితే, అసలైన ఆ ఒక్కటీ వాటిలో కలిసిపోతుంది. హాబీల్లో పాటలు వినడం, సినిమాలు చూడడం తీసేయొచ్చు. జిల్లా స్థాయిలో ఖోఖో ఆడితే, ఎన్ఎస్ఎస్ శిబిరం నడిపితే అది ‘ఇతర విషయాల్లో’ ఒక వరుస.

ఎంటర్‌తో, స్పేస్‌బార్‌తో కాదు

ఇక చేతిపని. రెజ్యూమెలో ఎడాలు చెదిరిపోవడానికి ముఖ్య కారణం ఎంటర్, స్పేస్‌బార్ మీటలు. సెక్షన్ల మధ్య దూరం కోసం ఎంటర్ రెండుసార్లు కొడతారు. ఒకచోట రెండు, ఇంకోచోట మూడు పడతాయి. సంవత్సరాన్ని కుడి చివరకు తోయడానికి స్పేస్‌బార్ నొక్కుతూ పోతారు. ఆ కంప్యూటర్‌లో బాగానే కనిపిస్తుంది. ఫాంటు మారగానే, లేదా వేరే చోట తెరవగానే, తేదీలన్నీ ఒకటి లోపలికి, ఒకటి బయటికి పోతాయి.

దూరాలకు ఇందాక చెప్పిన `Before`, `After` గళ్లే వాడాలి. తేదీలకు కుడి ట్యాబ్ పెట్టాలి. పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో `Tabs` నొక్కి, స్థానం `17 cm`, రకం `Right` అని ఇస్తే, ఆ తర్వాత ఒక్కసారి ట్యాబ్ మీట కొట్టి సంవత్సరం రాస్తే చాలు. అది కుడి మార్జిన్‌ను అంటుకుని నిలుస్తుంది. రాసుకునే వెడల్పు 17 సెంటీమీటర్లని ముందే లెక్కేసుకున్నాం కాబట్టి ఆ అంకె. తేదీలన్నీ కుడివైపు ఒకే నిలువు గీతలో నిలబడితే, కాలక్రమం ఒక్క చూపులో అందుతుంది. మధ్యలో ఏడాది ఖాళీ ఉంటే అదీ కనిపిస్తుంది. దాన్ని దాచడానికి సంవత్సరాలు తీసేయకండి. ఆ ఏడాది ఏం చేశారో ఒక వరుసలో రాయండి, గేట్‌కు చదివినా సరే, ఇంట్లో జబ్బు మనిషిని చూసుకున్నా సరే.

పాయింట్లను ఎడమ అంచుకు సమంగా ఉంచి, కుడి అంచును వదిలేయండి. రెండు అంచులూ సమం చేస్తే చిన్న వరుసల్లో మాటల మధ్య సందులు సాగిపోతాయి. బోల్డ్ మూడు చోట్లే: పేరు, సెక్షన్ శీర్షికలు, ప్రాజెక్టు లేదా సంస్థ పేరు. పాయింట్ల మధ్యలో మాటలు బోల్డ్ చేస్తూ పోతే కన్ను ఎక్కడ ఆగాలో తెలియదు. పేజీ చుట్టూ బార్డరు తీసేయండి. లేత బూడిద, లేత నీలం అక్షరాలు వద్దు. జిరాక్స్ షాపు నలుపు తెలుపు ప్రింటులో అవి సగం చెరిగిపోతాయి.

లెక్కంతా వేసినా పేజీ దాటిందనుకుందాం. అందరూ ముందు చేసేది ఫాంటును 9కి దించడం, మార్జిన్‌ను సెంటీమీటరుకు కోయడం. అది చివరి దారి కావాలి. ముందు, ప్రతి పాయింటు ఆఖరి మాట ఎక్కడ పడుతోందో చూడండి. పాయింటులో ఒకే ఒక్క మాట రెండో వరుసకు జారి ఉంటే, ఆ ఒక్క మాట కోసం వరుసంతా పోయినట్టే. రెండు మాటలు తగ్గిస్తే ఆ వరుస తిరిగొస్తుంది. ఇలాంటివి నాలుగైదు దొరికితే చాలాసార్లు పేజీ దానంతటదే సర్దుకుంటుంది. అప్పటికీ చాలకపోతే బలహీనమైన పాయింటు ఒకటి తీసేయండి. ఆ తర్వాతే మార్జిన్ 1.8కి, ఫాంటు 10.5కి. మార్జిన్ 1.5 కంటే, ఫాంటు 10 కంటే దిగొద్దు.

యంత్రం చదివితే

ఆన్‌లైన్‌లో పంపే రెజ్యూమెను మనిషి కంటే ముందు చాలాసార్లు సాఫ్ట్‌వేర్ చదువుతుంది. పేరు, నంబరు, కాలేజీ, నైపుణ్యాలు వేరు చేసి తన గళ్లలో నింపుకుంటుంది. దానికి మన అలంకారం కనిపించదు, అక్షరాలే కనిపిస్తాయి. రెండు నిలువు భాగాలున్న టెంప్లేట్లలో ఎడమ వరుసనూ కుడి వరుసనూ కలిపి చదివేసి, నైపుణ్యాల మధ్య కాలేజీ పేరు ఇరికించే ప్రమాదముంది. హెడర్‌లో పెట్టిన ఫోన్ నంబరును, టెక్స్ట్ బాక్సులో పెట్టిన పేరును కొన్ని సాఫ్ట్‌వేర్లు వదిలేస్తాయి. అందుకే పేరూ నంబరూ పేజీ లోపలే, మామూలు వరుసల్లో ఉండాలి.

దీన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. రెజ్యూమెను పీడీఎఫ్‌గా దాచి, తెరిచి, `Ctrl+A` కొట్టి మొత్తం ఎంచుకుని, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. పైనుంచి కిందికి చదవండి. వరుసలు మీరు రాసిన క్రమంలోనే వస్తే బాగున్నట్టే. తారుమారైనా, ఫోన్ గుర్తు బొమ్మ ఉన్నచోట పిచ్చి అక్షరం పడినా, అసలేమీ అతకకపోయినా ఆ చోటు సరిచేయాలి. అసలేమీ రాలేదంటే అది స్కాన్ చేసిన బొమ్మ కావచ్చు. అందులో సాఫ్ట్‌వేర్‌కు చదవడానికి అక్షరాలే దొరకవు.

పంపడం ఎప్పుడూ పీడీఎఫ్‌గానే, వాళ్లు వర్డ్ ఫైలే కావాలని అడిగితే తప్ప. వర్డ్ ఫైలును మీ దగ్గరున్న ఫాంటు లేని ఫోన్లోనో కంప్యూటర్‌లోనో తెరిస్తే అది వేరే ఫాంటును వేసుకుంటుంది. అప్పుడు మీ 52 వరుసలు 54 కావచ్చు, చివరి రెండూ రెండో పేజీకి పోతాయి. ఫైలుకు మీ పేరు పెట్టండి. ‘రెజ్యూమె ఫైనల్ కొత్తది 3’ అన్న పేరుతో వచ్చిన ఫైలు ఎవరిదో, డౌన్‌లోడ్ చేసుకున్న మనిషికి రేపు గుర్తుండదు.

ఎంఎస్ కోసం అమెరికా వెళ్లి అక్కడ ఇంటర్న్‌షిప్‌లు వెతికే మన పిల్లలకు ఈ లెక్క కాస్త మారుతుంది. అక్కడ వాడేది లెటర్ సైజు కాగితం, 8.5 అంగుళాల వెడల్పు, 11 అంగుళాల ఎత్తు. ఏ4 కంటే పొట్టి. అవే 2 సెంటీమీటర్ల మార్జిన్లతో 48 వరుసలే పడతాయి. పదో తరగతి, ఇంటర్ అక్కడ ఎవరూ అడగరు కాబట్టి ఆ రెండు వరుసలు తీసేయొచ్చు. ఫోటో, పుట్టిన తేదీ అసలు పెట్టకూడదు. బీటెక్ సీజీపీఏను నాలుగుకు మార్చి రాయకుండా 7.6/10 అనే ఉంచితే గొడవ లేదు.

అంతా అయ్యాక పేజీని తెర మీద 50 శాతానికి తగ్గించి చూడండి. అక్షరాలు చదవలేనంత చిన్నవవుతాయి. అప్పుడు కూడా పేరు, శీర్షికలు, కుడివైపు తేదీల వరుస విడివిడిగా తెలియాలి. అన్నీ కలిసి ఒకే నల్లటి దిమ్మెలా కనిపిస్తే ఎడాలు చాల్లేదన్నమాట. తర్వాత ఒక ప్రింటు తీసి, మీ బ్రాంచి కాని స్నేహితుడెవరికైనా అర నిమిషం ఇచ్చి వెనక్కి తీసేసుకోండి. ఏం గుర్తుందని అడగండి. మన అమ్మాయి పేజీ అయితే మిరప చేనో, పంపో అతని నోట రావాలి. కాలేజీ పేరు ఒక్కటే చెప్పాడంటే ప్రాజెక్టు శీర్షిక వరుస మళ్లీ రాయాలి.